ఎంప్లాయ్‌మెంట్ కార్డు ఉన్న రోజులు

పదో తరగతి మార్కుల మెమో బడికి వచ్చిందని తెలిసిన వారంలోనే మా ఊళ్లో పిల్లలంతా జిల్లా కేంద్రానికి బస్సెక్కేవాళ్లు. కాలేజీలో చేరడానికి కాదు, అది తర్వాతి సంగతి. కుర్రాడు ఇంటర్ చదువుతాడా, పాలిటెక్నిక్‌కు వెళ్తాడా, పొలంలో నాన్నకు తోడవుతాడా అన్నది ఇంకా తేలదు. అవేవీ తేలకముందే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు పడిపోవాలి. 'ముందు కార్డు తీసుకోరా, చదువు ఎక్కడికి పోతుంది' అనేవాళ్లు పెద్దవాళ్లు. 1970ల చివర, 1980ల్లో కోస్తాలో పెరిగిన మా వయసువాళ్లలో ఈ మాట వినని ఇల్లు తక్కువ.

ఎక్స్ఛేంజీలు మా కోసం పుట్టినవి కావు. రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తున్న 1945లో, సైన్యం నుంచి ఇళ్లకు తిరిగొచ్చే జవాన్లకు పని చూపించడానికి వీటిని పెట్టారు. దేశ విభజన తర్వాత కాందిశీకులకు వాడారు. ఆ తర్వాతే మామూలు నిరుద్యోగులకు తలుపులు తీశారు. 1956 నవంబరులో వీటి నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. మేం చూసే నాటికి అది జిల్లాకో ఆఫీసు, అద్దె భవనం, పొడుగాటి వరండా. పదో తరగతి వాళ్లకో కిటికీ, ఇంటర్, డిగ్రీ వాళ్లకో కిటికీ, ఐటీఐ, డిప్లొమా వాళ్లకు ఇంకోటి. పీజీలు చేసినవాళ్లకు ఆంధ్ర, ఉస్మానియా లాంటి యూనివర్సిటీల్లోనే విడిగా బ్యూరోలుండేవి. జూన్, జులైలలో మాత్రం వరండా చాలక జనం రోడ్డు మీద చెట్టు కింద నిలబడేవాళ్లు.

ఆ చెట్టు కిందే ఆఫీసుకు సంబంధం లేని ఇంకో ఆఫీసు నడిచేది. రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం పైసా తీసుకోదు. కానీ ఫారం నింపిపెట్టే ముసలాయన రూపాయి తీసుకునేవాడు. పక్కనే బల్ల మీద టైపు మిషన్ పెట్టుకున్న ఇంకొకాయన మార్కుల మెమో చూసి అక్షరం పొల్లుపోకుండా తెల్లకాగితం మీద కొట్టిచ్చేవాడు. అదే ట్రూ కాపీ. జిరాక్స్ షాపులు మా పట్నానికి ఇంకా రాలేదు. ఆ కాపీ మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం, ముద్ర పడాలి. పశువుల ఆస్పత్రి డాక్టరు గారు మంచాయన అని పేరు పడడంతో పాపం ఆయన దగ్గరికే అందరూ వెళ్లేవాళ్లు. ఎడ్ల కాళ్లకు కట్లు కట్టే చేత్తోనే ఆయన ఆకుపచ్చ సిరాతో సంతకాలు చేసేవాడు.

కులం సర్టిఫికెట్టు తహసీల్దారు ఆఫీసు నుంచి రావాలి. ఊరివాడే అని చెప్పే కాగితానికి 1984కు ముందు కరణం గారి దగ్గరకో మునసబు గారి దగ్గరకో వెళ్లాలి. ఆ ఏడాది వాళ్ల ఉద్యోగాలే పోయాయి. బడి నుంచి స్టడీ సర్టిఫికెట్టు కూడా తప్పనిసరి. 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఎల్.డి. క్లర్కు స్థాయి ఉద్యోగాల్లో 80 శాతం జిల్లాలో స్థానికులకే దక్కాలి. పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే నాలుగేళ్లు వరసగా అదే జిల్లాలో చదివి ఉంటే స్థానికుడన్నట్టు. మేనమామ ఇంట్లో ఉండి పక్క జిల్లాలో తొమ్మిది, పది చదివిన కుర్రాళ్లకు ఈ కాగితం దగ్గరే చిక్కొచ్చేది.

మా బాబాయి ఆ రోజుల్లో ఇంకో జిల్లా ఎక్స్ఛేంజిలో గుమాస్తా. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చోబెట్టి మాకు ఆ ఆఫీసు లోపలి సంగతులు చెప్పేవాడు. కిటికీ బయట నిలబడ్డవాళ్లకు తెలిసేది తమ చేతికొచ్చిన చిన్న కార్డు ఒక్కటే. దాన్ని ఎక్స్-10 అనేవాళ్లు. దాని మీద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఏడాది, తేదీ, రెన్యువల్ చేయించుకోవాల్సిన నెల ఉంటాయి. అసలు కార్డు మాత్రం లోపల ఉంటుంది. దాని పేరు ఎక్స్-1. గుమాస్తా మనల్ని అడుగుతూ రాసుకునేది దాని మీదే. చదువు, కులం, పుట్టిన తేదీ, వచ్చిన భాషలు, చేసిన పని ఏదైనా ఉంటే అది, వేరే ఊరికి వెళ్లడానికి ఇష్టమా కాదా అన్నీ అందులో ఉంటాయి. చాలామంది ఆడపిల్లల తరఫున వెంట వచ్చిన తండ్రులే 'వెళ్లదండీ' అని చెప్పేసేవారు. దాంతో ఆ అమ్మాయికి దూరపు ఖాళీలు తెలియకుండానే తలుపు మూసుకునేది.

రాయడం పూర్తయ్యాక ఆ కార్డుకు ఒక కోడ్ నంబరు వేసేవారు. టైపిస్టు, ఫిట్టరు, ఎలక్ట్రీషియను, డ్రైవరు, ఏ పనీ ప్రత్యేకంగా రాని పదో తరగతి పాసైనవాడు, ఇలా దేశంలో ఉన్న పనులన్నిటికీ నంబర్లిచ్చిన పెద్ద పుస్తకం ఒకటుంది. అప్పట్లో వాడుకలో ఉన్నది 1968 నాటిది. కార్డులన్నీ ఆ నంబర్ల వరసలో సొరుగుల్లో నిలబడతాయి. ఒక నంబరు లోపల మళ్లీ తేదీల వరస. ఇలా సొరుగుల్లో బతికున్న కార్డులన్నిటినీ కలిపి లైవ్ రిజిస్టర్ అంటారు. రెన్యువల్ తప్పినవాడి కార్డు సొరుగులోంచి బయటికొస్తుంది. అంతటితో ఆఫీసు దృష్టిలో ఆ మనిషికి ఉద్యోగం అక్కర్లేనట్టే.

ఎక్కడైనా ఖాళీ ఏర్పడితే ఆ ఆఫీసు వాళ్లు ఎక్స్ఛేంజికి కాగితం పంపుతారు. ఏం ఉద్యోగం, ఎన్ని, ఏ రిజర్వేషను, ఏం చదివుండాలి, వయసెంత, అన్నీ అందులో రాస్తారు. ఇక్కడ సొరుగు లాగి పాత తేదీ నుంచి మొదలుపెట్టి అర్హత ఉన్న కార్డులు ఏరతారు. ఒక ఖాళీకి ఒక్కరినే పంపరు, ఎన్నో రెట్ల పేర్లు పంపుతారు. ఆ జాబితాలో పడినవాడికి ఇంటికి కాల్ లెటర్ వస్తుంది. అది ఉద్యోగం కాదు, ఉద్యోగం ఇచ్చేవాడి ముందు నిలబడే వీలు మాత్రమే. అయినా పోస్టుమాన్ కాల్ లెటర్ తెచ్చిన రోజు వీధి వీధంతా ఆ ఇంటికి వచ్చేది.

'చదువెప్పుడు పూర్తయిందన్నది కాదురా, మాకెప్పుడు చెప్పావన్నదే లెక్క' అనేవాడు బాబాయి. ఆ ఆఫీసు నడిచిన తీరంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. కొత్తగా ఏం పాసైనా వెళ్లి కార్డులో ఎక్కించుకోవాలి. ఎక్కించుకున్న రోజు తేదీ వేస్తారు. ఆ అర్హత అడిగే ఉద్యోగాలకు సీనియారిటీ ఆ తేదీ నుంచే. పదో తరగతితో పేరు రాయించుకున్న పాత తేదీ అటెండరు లాంటి ఉద్యోగాలకు పనికొస్తుంది తప్ప టైపిస్టు ఉద్యోగానికి పనికిరాదు. అంటే ఒకే మనిషికి ఒకే కార్డులో నాలుగైదు వరసలు, ఒక్కో వరసలో ఒక్కో చోటు. ఇది తెలియనివాళ్లు 'నాది డెబ్బయ్యేడు కార్డు, నాకింకా పిలుపు రాలేదు, నిన్నగాక మొన్న కార్డు తీసుకున్నవాడికి వచ్చింది' అని ఆఫీసును తిట్టుకునేవాళ్లు. ఆ నిన్నటివాడికి టైపు హయ్యర్ ఉంటుంది, వీళ్లకు ఉండదు.

మా అక్క సంగతి చెబితే ఇదంతా తేలిగ్గా అర్థమవుతుంది. అక్క 1977లో పదో తరగతి పాసై ఆ వేసవిలోనే పేరు రాయించుకుంది. 1979లో ఇంటర్ అయ్యాక మెమో పట్టుకెళ్లి ఎక్కించుకుంది. ఇంటర్ చదువుతూనే బస్టాండు పక్కనున్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. తెల్లవారుజామున ఆరు గంటల బ్యాచ్. రెమింగ్టన్ మిషన్లు, కీల మీద అక్షరాలు అరిగిపోయి ఉండేవి. అరిగిపోవడమే మంచిది, చూడకుండా కొట్టడం వస్తుందనేవాడు మాస్టారు. లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. పరీక్ష పెట్టేది హైదరాబాదులోని సాంకేతిక విద్యా శిక్షణ మండలి. పరీక్ష రోజున ఎవరి మిషన్ వాళ్లు తెచ్చుకోవాలి కాబట్టి ఇన్‌స్టిట్యూట్ మిషన్లన్నీ రిక్షాల్లో కేంద్రానికి వెళ్లేవి. దారిలో గతుకులకు మార్జిన్ లివర్ కదిలిందేమోనని పిల్లలు రిక్షా వెనక నడుస్తూ వెళ్లేవాళ్లు.

అక్క, ఆమె స్నేహితురాలు ఒకే బ్యాచ్‌లో ఇంగ్లీషు హయ్యర్ పాసయ్యారు. ఫలితాల మెమో ముందు వచ్చింది, సర్టిఫికెట్టు రావడానికి ఇంకా నెలలు పడుతుందన్నారు. మెమో చూపిస్తే ఎక్కిస్తారని, తర్వాత సర్టిఫికెట్టు తెచ్చి చూపిస్తే చాలని బాబాయి ఉత్తరం రాశాడు. అక్క మెమోతో వెళ్లి వేయించుకొచ్చింది. స్నేహితురాలి నాన్నగారు మాత్రం బడిపంతులు, పద్ధతి మనిషి. 'సర్టిఫికెట్టు లేకుండా ఎలా వెళ్తాం, వచ్చాక చూద్దాం' అన్నారు. సర్టిఫికెట్టు ఐదు నెలలకు వచ్చింది. వాళ్లూ వెంటనే వెళ్లారు, వాళ్ల కార్డులోనూ తేదీ పడింది.

ఏడాదిన్నర గడిచాక ఒక ఇరిగేషన్ డివిజన్ ఆఫీసు టైపిస్టులు కావాలని కాగితం పంపింది. ఇద్దరిదీ ఒకే కులం కోటా, ఒకే జిల్లా, వయసులో నెలల తేడా. వేగంలో ఆ అమ్మాయే ఎక్కువ, మార్కులూ ఆమెకే ఎక్కువ. కానీ జాబితా తేదీల వరసలో దిగుతూ వచ్చి ఆ ఐదు నెలల మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. కాల్ లెటర్ అక్కకు వచ్చింది, ఆమెకు రాలేదు. ఆ బడి మాస్టారు గారు మా ఇంటికొచ్చి 'మా అమ్మాయి కార్డు కూడా డెబ్బయ్యేడుదే కదండీ' అని అడిగారు. నాన్న రెండు కార్డులూ బల్ల మీద పక్కపక్కన పెట్టి వెనకవైపు తేదీలు చూపించాడు. ఆయన చాలాసేపు చూసి, ఏమీ అనకుండా కాఫీ తాగి వెళ్లారు.

అక్కకు వచ్చింది పర్మనెంట్ ఉద్యోగం కాదు. సర్వీస్ కమిషన్ నుంచి అభ్యర్థులు వచ్చేదాకా ఖాళీలో తాత్కాలికంగా వేసుకునే పద్ధతి ఒకటుండేది. సర్వీసు నిబంధనల్లో పదో నిబంధన కింద వేస్తారు కాబట్టి ఆఫీసుల్లో వాళ్లను 'టెన్ ఏ వన్' వాళ్లనేవారు. అలా వేసుకోవడానికి కూడా పేర్లు ఎక్స్ఛేంజి నుంచే రావాలి. కమిషన్ అభ్యర్థి ఉత్తర్వులు పట్టుకొని గుమ్మంలో దిగిన రోజు తాత్కాలికంగా ఉన్నవాళ్లు కుర్చీ ఖాళీ చేయాలి. అక్క కుర్చీ కూడా అలాగే పోయింది. అప్పుడామె చేసిన మొదటి పని, విడుదల ఉత్తర్వు కాపీ తీసుకుని ఎక్స్ఛేంజికి వెళ్లడం. ఉద్యోగం వచ్చినవాడి కార్డు సొరుగులోంచి తీసేస్తారు కదా. మనిషి తాత్కాలిక ఉద్యోగం నుంచి తనంతట తాను మానేయలేదని, ఆఫీసే తీసేసిందని కాగితం చూపిస్తే పాత తేదీతోనే మళ్లీ సొరుగులో పెడతారు. ఆలస్యం చేస్తే కొత్త తేదీ. ఆ తర్వాత అక్క మరో ఆఫీసులో ఇదే పద్ధతిలో చేరింది. కొన్నేళ్లకు ఇలాంటి తాత్కాలికుల కోసం కమిషన్ పెట్టిన ప్రత్యేక అర్హత పరీక్ష రాసి నిలదొక్కుకుంది. సూపరింటెండెంటుగా రిటైరైంది.

అర్హతలు ఎక్కించుకోవడం కన్నా ఎక్కువమందిని ముంచింది రెన్యువల్. మా కార్డుల మీద మూడేళ్ల తర్వాతి నెల ఒకటి రాసి ఉండేది. ఆ నెలలో వెళ్లి ముద్ర వేయించుకోవాలి. లేదంటే జవాబు కార్డు జతచేసి పోస్టులో పంపాలి. రెండోవైపు మన అడ్రసు మనమే రాసుకున్న ఆ పోస్టుకార్డు మీద కొత్త తేదీ వేసి పంపేవారు. అది తిరిగి రాకపోతే ఏమైందో తెలియదు. మూడేళ్లంటే గుర్తుంచుకోవడానికి కష్టమైన గడువు. ఏడాదికోసారైతే పండగలా వస్తుంది. మూడేళ్లలో మనిషి ఊరు మారతాడు, అమ్మాయికి పెళ్లవుతుంది, కుర్రాడు హైదరాబాదులో ప్రైవేటు కంపెనీలో చేరి కార్డు సంగతే మరిచిపోతాడు. మా నాన్న ఇంట్లో ముగ్గురి కార్డుల నెలలు దేవుడి గది తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసిపెట్టేవాడు. అమ్మ సున్నం వేయించినప్పుడల్లా ముందు ఆ మూడు నెలలూ కాగితం మీదికి ఎక్కించి, సున్నం ఆరాక మళ్లీ రాసేది.

గడువు తప్పితే లాప్స్ అయిందనేవాళ్లు. అలా పోయిన కార్డుకు మళ్లీ కొత్త నంబరు, కొత్త తేదీ. పదేళ్ల ఎదురుచూపు ఒక్క ముద్ర లేక పోయేది. లాప్స్ అయిన సంగతి మనిషికి తెలియజేసే ఏర్పాటు ఏదీ ఉండేది కాదు. తోటివాళ్లకు కాల్ లెటర్లొచ్చి తనకు రానప్పుడే తెలిసేది. అడ్రసు మారినా అంతే. కాల్ లెటర్ పాత ఇంటికి వెళ్లి 'మనిషి లేడు' అని తిరిగొస్తే ఆఫీసు దృష్టిలో అతను రానట్టే లెక్క. పేరు దగ్గర కూడా తిప్పలుండేవి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, డిగ్రీలో పూర్తిగా ఉంటే, ఇద్దరూ ఒకరే అని మళ్లీ గెజిటెడ్ సంతకం. అందుకే తెలిసిన పెద్దలు బడిలో చేర్పించేటప్పుడే పేరు ఎలా రాయాలో తేల్చుకునేవాళ్లు.

వరసలో ముందుండాలంటే ఏళ్లు గడవాలి. ఉద్యోగానికి అర్హత ఉండాలంటే వయోపరిమితి దాటకూడదు. ఈ రెండు లెక్కలూ ఎదురెదురుగా నడిచేవి. నిరుద్యోగులు తక్కువగా ఉన్న 60లలో రెండు మూడేళ్లకు వంతు వచ్చేదని నాన్న తరంవాళ్లు చెప్పేవారు. మా కాలానికి వరస ఎంత పొడుగైందంటే, వంతు వచ్చేసరికి చాలామందికి వయసు దాటిపోయేది. షెడ్యూల్డు కులాలవాళ్లకు, వెనకబడిన తరగతులవాళ్లకు ఐదేళ్ల సడలింపు ఉండేది కాబట్టి కాస్త ఊపిరి. మిగతావాళ్లలో, పదో తరగతి కాగానే పేరు రాయించుకున్నవాడికి, డిగ్రీ అయ్యాక తీరిగ్గా రాయించుకున్నవాడికి మధ్య ఉన్న ఆ ఐదేళ్లే చివరికి ఉద్యోగం ఉందా లేదా అన్నది తేల్చేవి. మెమో రాగానే బస్సెక్కమని పెద్దవాళ్లు తొందరపెట్టింది అందుకే.

తన చోటు ఎక్కడుందో ఎవరికీ కనపడకపోవడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం. సొరుగు లోపలుంది, మనిషి బయటున్నాడు. 'మీ సీనియారిటీ ఇంకా రాలేదు' అని కిటికీలోంచి వచ్చిన మాటను నమ్మడం తప్ప దారి లేదు. అందుకే పైరవీల మీద అంత నమ్మకం పెరిగింది. ఎవరో ఎవరికో డబ్బిచ్చి ముందుకు జరిగారనే కథలు ప్రతి టీ కొట్టులో వినపడేవి. అందులో ఎన్ని నిజమో చెప్పలేను గానీ, నోటీసు బోర్డు మీద 'ఫలానా ఉద్యోగానికి ఫలానా కోటాలో ఫలానా తేదీ దాకా పంపాం' అని ఒక్క కాగితం అంటిస్తే సగం కథలు ఆగిపోయేవి. బాబాయి వాళ్ల ఆఫీసులో ఒక అధికారి అలా అంటించేవాడట. ఆయన ఉన్నన్నాళ్లూ కిటికీ దగ్గర గొడవలు తగ్గాయని చెప్పేవాడు.

ఈ కార్డుకు అంత విలువ ఎందుకొచ్చిందో, అది ఎలా పోయిందో రెండూ చట్టంలో, కోర్టు తీర్పుల్లో ఉన్నాయి. 1959 నాటి చట్టం 1960 మే నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ సంస్థలు, 25 మందికి తగ్గకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలియజేయాలి. తెలియజేయాలి, అంతే. అక్కడినుంచే మనుషుల్ని తీసుకోవాలని చట్టం ఎక్కడా అనలేదు. ప్రైవేటు యజమానులు కాగితం పంపి ఊరుకునేవారు. ప్రభుత్వాలు మాత్రం తమ ఆఫీసులకు ఎక్స్ఛేంజి పంపినవాళ్లనే తీసుకోమని విడిగా ఆదేశాలిచ్చుకున్నాయి. కార్డు బలమంతా ఆ ఆదేశాల్లో ఉంది. ఊళ్లో బ్రాంచి పోస్టాఫీసు నడిపే మనిషి కావాలన్నా పోస్టల్ శాఖ ముందు ఎక్స్ఛేంజినే అడిగేది.

ఆ ఆదేశాలు చెల్లుతాయా అన్న ప్రశ్న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు వెళ్లింది. హరగోపాల్ కేసుగా పేరుపడిన దాంట్లో 1987లో తీర్పు వచ్చింది. చట్టం అలా నిర్బంధించకపోయినా, ప్రభుత్వం తన ఉద్యోగాలకు ఆ నియమం పెట్టుకోవడం తప్పు కాదని జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి అన్నారు. పేర్లు ఒకచోటి నుంచి వస్తే ఇష్టమొచ్చినవాళ్లను వేసుకునే వీలు తగ్గుతుందన్నది అందులోని ఆలోచన. కార్డులున్న ఇళ్లలో ఆ తీర్పు గురించి పేపర్లో చదివి సంతోషించినవాళ్లను నేనెరుగుదును.

తొమ్మిదేళ్లకు మళ్లీ మన దగ్గర్నుంచే, కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ ఉద్యోగాల గురించి ఇంకో కేసు వెళ్లింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈసారి వేరే మాట చెప్పింది. పేరు రాయించుకుని కూడా ఎక్స్ఛేంజి పంపకపోవడం వల్ల అవకాశం పోగొట్టుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. కాబట్టి ఎక్స్ఛేంజిని అడగండి, దాంతోపాటు పేపర్లో ప్రకటన ఇవ్వండి, నోటీసు బోర్డులో పెట్టండి, రేడియోలో, టీవీలో చెప్పండి, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లందరినీ చూడండి అంది. న్యాయమైన మాటే. కార్డు ఉన్నా పిలుపు రాని మాస్టారు గారి అమ్మాయి లాంటివాళ్లకు, లాప్స్ అయినవాళ్లకు అదే కావాలి. కానీ అందరూ రావచ్చన్న రోజున వరసకు అర్థం లేకుండా పోయింది. ఎంపిక రాత పరీక్ష మార్కులకు మారింది. పదిహేనేళ్లుగా రెన్యువల్ చేయించుకున్నవాడు, నిన్న డిగ్రీ పాసైనవాడు ఒకే హాల్లో పక్కపక్కన కూర్చున్నారు. పుస్తకాల వాసన మరిచిపోయిన మొదటివాడి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. జనం కొన్నాళ్లు అలవాటు కొద్దీ ముద్రలు వేయించుకున్నారు. ఆ తర్వాత వరండాలు ఖాళీ అయ్యాయి.

ఇప్పుడు ఆ పని పోర్టళ్లు చేస్తున్నాయి. 2015 జులైలో కేంద్రం నేషనల్ కెరీర్ సర్వీస్ మొదలుపెట్టింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో ఎక్స్ఛేంజి పేరు కూడా మారిపోయి కెరీర్ సెంటర్ అయింది. అక్క కూతురు బి.కాం. అయ్యాక ఆ పోర్టల్లో పేరు రాయించుకుంటుంటే పక్కన కూర్చున్నాను. ఫోనుకు నంబరొచ్చింది, కొట్టింది, చదువు, ఊరు, అనుభవం నింపింది. 'రెన్యువల్ ఎప్పుడమ్మా?' అనడిగాను. 'అలాంటిదేం లేదు మావయ్యా, ఏదైనా మారితే మనమే మార్చుకోవాలి' అంది. 'మరి సీనియారిటీ?' అంటే నవ్వింది. పనులకు నంబర్లిచ్చే ఆ పాత పుస్తకం మాత్రం పోలేదు. 2015లో మళ్లీ రాశారు, ఇప్పుడు నంబరు ఎనిమిది అంకెలు.

ఆ అమ్మాయికి మొదటి కొన్ని నెలలు ఎక్కడినుంచీ కబురు రాలేదు. పోర్టల్ తెరిపించి చూస్తే నైపుణ్యాల దగ్గర 'కంప్యూటర్ పరిజ్ఞానం' అని ఒక్క ముక్క రాసుంది. అప్పటికి ఆమె ఒక ఆడిటరు దగ్గర ట్యాలీ నేర్చుకుని, జీఎస్టీ రిటర్నులు వేయడం మొదలుపెట్టి చాలా రోజులైంది. అదేదీ అందులో లేదు. 'ఉద్యోగం వచ్చాక అనుభవం కింద రాద్దామనుకున్నాను' అంది. సర్టిఫికెట్టు వచ్చాక చూద్దామన్న మాస్టారు గారి మాటే ఇంకో రూపంలో విన్నట్టనిపించింది. పాత ఆఫీసులో గుమాస్తా సొరుగు లాగి తేదీ చూసేవాడు. ఇప్పుడు ఉద్యోగమిచ్చేవాడు తనకు కావలసిన పని పేరు టైపు చేసి వెతుకుతాడు. ట్యాలీ అని వెతికేవాడికి 'కంప్యూటర్ పరిజ్ఞానం' కనపడదు. ఆమె ఆ రాత్రే కూర్చుని ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు లెక్కలు సరిచూడడం అని దేనికదే విడివిడిగా రాసింది, వచ్చే ఊళ్ల పేర్లు కూడా పెంచింది. తర్వాతి నెలలో రెండు చోట్ల నుంచి ఫోన్లు వచ్చాయి.

వరసలో తేదీకి ఉన్న విలువ 1996తో పోయింది. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, అవతలివాడు వెతికే మాటల్లో, నేర్చుకున్న వారంలోనే చెప్పి ఉంచడం మాత్రం ఇప్పటికీ మన పనే. దాన్ని గుర్తుచేస్తూ తలుపు మీద సుద్దముక్కతో రాసిపెట్టే నాన్నలు లేరు కాబట్టి, ఆ అమ్మాయికి ఫోన్లో మూడు నెలలకోసారి మోగేలా అలారం పెట్టిచ్చాను.